సున్న ఎక్కడ, పొల్లు ఎక్కడ

‘సంతోషంగా’ అనే మాటలో రెండు సున్నలున్నాయి. రెండింటినీ ఒకేలా రాస్తారు, కానీ ఒకేలా పలకరు. మొదటి సున్న తకారం ముందుంది కాబట్టి ‘న్’ అని పలుకుతుంది. రెండోది గకారం ముందున్నా ‘మ్’ అనే వినిపిస్తుంది. ఈ మాటను ‘సన్తోషమ్‌గా’ అని ఎవరూ రాయరు. అలాగని ముక్కుతో పలికే ప్రతి పొల్లుకీ సున్న పెట్టేయడమూ కుదరదు. ‘కన్య’ను ‘కంయ’ అని రాస్తే చదివేవాడు ఆగిపోతాడు. ఎక్కడ సున్న పెట్టాలి, ఎక్కడ న, మ, ణ, ఙ అక్షరాలనే రాసి తర్వాతి హల్లును వత్తుగా దించాలి అన్న ప్రశ్నకు తెలుగు రాతలో చాలావరకు స్థిరమైన సమాధానమే ఉంది. చిక్కంతా కొద్దిచోట్లే, ముఖ్యంగా య, వ అక్షరాల ముందు.

వ్యాకరణాల్లో సున్నకు అనుస్వారమనీ, పూర్ణబిందువనీ పేర్లు. పాత పుస్తకాల్లో కనిపించే అరసున్నతో పోల్చి నిండుసున్న అనడమూ ఉంది. రెండో పద్ధతి రూపం తెలుగులో నాగరిలిపిలా ఉండదు. నాగరిలో ముందు హల్లు సగానికి తెగుతుంది. తెలుగులో ముందు హల్లు నిండుగానే నిలబడుతుంది, వెనక వచ్చేది వత్తై దిగుతుంది. ‘అన్వయం’లో పొల్లయింది నకారమే అయినా, చిన్నదై కిందికి జారింది వకారం. పొల్లు గుర్తు పైకి కనిపించేది ‘ఆన్‌లైన్’ లాంటి చోట్ల మాత్రమే.

అసలు సూత్రం వర్ణమాలలోనే ఉంది. క నుంచి మ దాకా ఉన్న ఇరవై ఐదు హల్లులూ ఐదు వర్గాలు. ఒక్కో వర్గం చివర ఒక అనునాసికం: ఙ, ఞ, ణ, న, మ. సున్న తర్వాత ఈ వర్గాల్లోని మొదటి నాలుగు అక్షరాల్లో ఏదొచ్చినా, సున్న ఆ వర్గపు అనునాసికంగా మారి పలుకుతుంది. పంకజంలో ఙకారం, పంచెలో ఞకారం, పండులో ణకారం, పందిరిలో నకారం, పంబలో మకారం. నాలుక, పెదవులు తర్వాతి అక్షరం కోసం ముందే సర్దుకుంటాయి కాబట్టి ఈ మార్పు తనంతట తనే జరుగుతుంది. తెలుగువాళ్లు దీన్ని ఆసరా చేసుకుని ఐదు అక్షరాల పనిని ఒక్క గుర్తుకు అప్పగించారు. అందుకే ఙ, ఞ లను బళ్లో నేర్చుకున్న తర్వాత మళ్లీ రాయాల్సిన అవసరం చాలామందికి రాదు.

ఎప్పుడూ ఇలాగే లేదు. సా.శ. 575 నాటిదిగా చెప్పే కడప జిల్లా కలమళ్ల శాసనంలో ‘రేనాణ్డు’ అన్న రూపం ఉంది. ఇప్పుడైతే ‘రేనాండు’ అని రాస్తారు. దీనికి ఎదురు అలవాటు కూడా తర్వాతి శాసనాల్లో కనిపిస్తుంది. తిమ్మను ‘తింమ’ అని చెక్కడం అందులోదే. అక్షరాలు దిద్దుకునే పిల్లలు ‘అంమ’ అని రాస్తే, తెలియకుండానే ఆ శాసనకారుల దారి పట్టారన్నమాట. తమిళానికి ఈ సున్నే లేదు. అక్కడ ప్రతి వర్గానికీ దాని అనునాసికాన్నే రాయాలి. కన్నడం మాత్రం తెలుగులాగే సున్నతో నడుస్తుంది.

సంస్కృత మంత్రాలు, స్తోత్రాలు తెలుగు లిపిలో అచ్చువేసేటప్పుడు కొందరు ‘శఙ్కర’, ‘పఞ్చ’, ‘స్కన్ద’ అని రాస్తారు. అది తప్పు కాదు, సంస్కృత సంప్రదాయం. పాణిని వ్యాకరణం ప్రకారం ఒకే పదం లోపల అనుస్వారం తర్వాతి హల్లుకు తగ్గ అనునాసికంగా మారి తీరాలి, పదం చివర మారినా మారకపోయినా సరే. ఉచ్చారణలో దోషం రాకూడదనుకునే పుస్తకంలో ఆ రాతకు అర్థముంది. అదే రూపాన్ని తెలుగు వచనంలోకి తెచ్చి ‘సమ్బన్ధం’, ‘గ్రన్థం’ అని రాయడంలో మాత్రం చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. పలుకు మారదు, కంటికి మాత్రం అడ్డం తగులుతుంది.

సున్న ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు అన్నది చూడటానికి ‘సమ్’ అనే ఒక్క ఉపసర్గను వర్ణమాల వెంట నడిపిస్తే చాలు. వర్గాక్షరాల ముందు సంకల్పం, సంచారం, సంతోషం, సంపద. అన్నిటా సున్నే. శ, స, హ ల ముందు సంశయం, సంసారం, సంహారం. ఇక్కడా సున్నే, కానీ తెలుగువాడి నోట మకారంలా పలుకుతుంది. హంస, మాంసం, సింహం కూడా ఇంతే. య, ర, ల, వ ల ముందు సంయోగం, సంరక్షణ, సంలాపం, సంవాదం. మళ్లీ సున్న, మళ్లీ మకారపు పలుకు. అచ్చు వస్తే సున్న ఉండదు, మకారం ఆ అచ్చుతో కలిసిపోతుంది: సమాచారం, సమీక్ష.

ఇక న, మ ల ముందు సున్న పూర్తిగా తప్పుకుంటుంది. సమ్ నిధితో కలిస్తే సన్నిధి, మతితో కలిస్తే సమ్మతి. ఇక్కడ సంస్కృతం సున్నకూ చోటిస్తుంది గానీ తెలుగు ఇవ్వదు. తెలుగు కన్నుకు ‘సంనిధి’ పరాయిదే. ఈ వరసలో అందరినీ తికమకపెట్టేది సన్న్యాసం. సమ్ వెనక న్యాసం చేరింది కాబట్టి రెండు నకారాలు, ఒక యకారం రావాలి. మూడు హల్లుల బరువు మోయలేక వాడుక ఒక నకారాన్ని వదిలేసి ‘సన్యాసి’ చేసుకుంది. శాస్త్రగ్రంథంలో సన్న్యాసి రాయడం మేలు. కథలో పాత్ర నోట ‘సన్యాసి’ని దిద్దబోవడం చాదస్తం.

సన్మానం ఈ కుటుంబంలోది కాదు. అది సత్ + మానం. తకారమే మకారం పక్కన చేరి నకారమైంది. సమ్ నుంచి వచ్చేది సమ్మానం. రెండూ మంచి మాటలే, పుట్టుక వేరు.

ఇలా పొల్లు హల్లు అనునాసికంగా మారిన చోట్ల ఒక నియమం కచ్చితంగా పనిచేస్తుంది: పాత హల్లు ఏ వర్గానిదో కొత్త అనునాసికం ఆ వర్గానిదే. షట్ + ముఖుడు అంటే టకారం పోయి ణకారం రావాలి, కాబట్టి షణ్ముఖుడు. ‘షన్ముఖ’ అని పేరు పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ రూపం సరైంది కాదు. వాక్ + మయం అంటే కకారం పోయి ఙకారం వచ్చి వాఙ్మయం. పరాఙ్ముఖుడు, ప్రాఙ్ముఖం కూడా ఇలాంటివే. ఙకారాన్ని నిజంగా రాయాల్సిన చోట్లు తెలుగులో దాదాపు ఇవే. అలవాటు లేని అక్షరం కావడం వల్ల అది కంటికి జకారంలా కనిపించి ‘వాజ్మయం’గా అచ్చవుతూ ఉంటుంది. ఆ తప్పు చూసి నేర్చుకున్నవాళ్లు దాన్నే పలుకుతారు కూడా. అక్షరం మార్చాక ఎలా పలుకుతుందో ఒకసారి విని చూస్తే తప్పు బయటపడుతుంది: జకారానికి ఈ మాటలో పనేమిటి?

ఇప్పుడు అసలు చిక్కు. యకారం ముందు ‘సంయుక్త’లో సున్న ఉంది, ‘సామ్యం’లో మకారం ఉంది. రెండూ మకారంగానే పలుకుతాయి. వకారం ముందు ‘సంవాదం’లో సున్న, ‘అన్వేషణ’లో నకారం. ఇక్కడ చెవి ఒక్కటే చాలదు, మాట ఎక్కడ అతుకుపడిందో చూడాలి. సంయుక్తలో మకారం ‘సమ్’ చివర ఉంది. సమ్ ఒక ముక్క, యుక్త ఇంకో ముక్క. ముక్క చివరి మకారం హల్లుకు ఎదురైతే సున్న అవుతుంది. సామ్యం అలా కాదు. అది ‘సమ’ అనే మాటకు ప్రత్యయం చేరి పుట్టింది, మకారం మాట కడుపులోనే ఉంది. రమ్యం, గమ్యం, సౌమ్యం, పుణ్యం, ధాన్యం, శూన్యం కూడా ఈ బాపతువే. అనునాసికం ముక్క చివరిది కాదు, మాట సొంతం. అలాంటిచోట సున్న పెట్టకూడదు.

వకారం విషయంలో ఇంకో కారణం కూడా పనిచేస్తుంది. అను + ఏషణ కలిసినప్పుడు ఉకారం వకారమై అన్వేషణ అయింది. నకారం ‘అను’లోదే, అది అక్షరంగానే మిగిలింది. అన్వయం, సమన్వయం, మన్వంతరం ఇలాగే వచ్చాయి. మన్వంతరంలో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. మను అనే మాటలోని నకారం అక్షరంగా నిలిచి వకారాన్ని వత్తుగా తీసుకుంది. అంతరంలో తకారం ముందున్న నకారం సున్నైంది. దీనికి ఎదురుగా స్వయంవరం, ప్రియంవద, కింవదంతి. వీటిలో స్వయం, ప్రియం, కిం అనేవి విడి ముక్కలు, కాబట్టి సున్న. ‘స్వయమ్వరం’, ‘సమ్వత్సరం’ అని రాసేవాళ్లు పలుకును నమ్ముకుని అతుకును మరిచిపోయినవాళ్లు.

ఈ సూత్రానికి గట్టి మినహాయింపు ఒకటుంది: సమ్రాట్టు. ముక్కలుగా చూస్తే సమ్ + రాట్టు, కాబట్టి సంరక్షణలాగే ‘సంరాట్టు’ కావాలి. కానీ ఈ ఒక్క మాటలో మకారం మారకూడదని పాణిని ప్రత్యేకంగా సూత్రమే చేశాడు. సామ్రాజ్యంలో మకారం నిలిచింది కూడా అందుకే. ‘సమ్యక్కు’లోనూ మకారమే రాయాలి. అది మినహాయింపులా కనిపించినా కాదు. అక్కడి యకారం రెండో ముక్కకు మొదటి అక్షరం కాదు, సంధిలో పుట్టింది. సంయమం, సమ్యక్కు పక్కపక్కన రాసి చూస్తే పలుకులో ఆ తేడా జాడ కూడా తెలియదు.

హకారం దగ్గర తప్పు వేరే రకంగా వస్తుంది. సింహంలో సున్న ముందు, హకారం వెనక. బ్రహ్మ, చిహ్నం, మధ్యాహ్నం, జాహ్నవి మాటల్లో హకారం ముందు, అనునాసికం దాని కింద వత్తు. నోరు మాత్రం ఈ వరసను తిరగేస్తుంది. అనునాసికాన్ని ముందుగా పలికి హకారాన్ని వెనక్కి నెడుతుంది. ఆ పలుకును నమ్మి రాసినవే ‘బ్రమ్హ’, ‘చిన్హం’, ‘మధ్యాన్హం’. తెలుగులో చలామణిలో ఉన్న మాటల్లో నకారం కింద హ వత్తు న్యాయంగా రావాల్సింది హిందీ నుంచి వచ్చిన కన్హయ్య లాంటి పేర్లలోనే.

అచ్చతెలుగు మాటలకు ఇంత వెతుకులాట అక్కర్లేదు. అమ్మ, కొమ్మ, కన్ను, మన్ను అన్నవి ద్విత్వాలు కాబట్టి అక్షరాలే. తలుపు దగ్గరున్న వర్గాక్షరం ముందైతే సున్న. కన్నుకు బహువచనం కండ్లు అయినప్పుడు, ఉన్నది కాస్తా ఉంది అయినప్పుడు, తిను అనే క్రియ తింటాను అయినప్పుడు నకారం సున్నలోకి దిగిపోతుంది. వాడుక భాషలో అచ్చు జారిపోయి ఏర్పడిన రూపాలు మాత్రం దీనికి లొంగవు. కనిపించిందిలో ఇకారం జారితే ‘కన్పించింది’. నకారం ఇంకా నకారంగానే ఉంది, పకారానికి లొంగి మకారం కాలేదు. దీన్ని సున్నతో రాస్తే ‘కంపించింది’ అవుతుంది, అంటే వణికింది. కొండ కన్పించడం వేరు, కంపించడం వేరు. అన్పించు, విన్పించు మాటల్లో ఇంత ప్రమాదం లేదు గానీ సూత్రం ఒకటే.

తెలంగాణ పలుకుబడిని కథల్లో రాసేవాళ్లు ‘ఎన్క’ అని రాయడానికీ కారణమిదే. వెనకలోని నకారం అక్కడ దంతాల దగ్గరే పలుకుతుంది, వెంకన్న పేరులోలా గొంతుకు దగ్గరగా జరగదు. అమ్ముతారు ‘అమ్తారు’ అయినప్పుడు సున్న పెడితే ‘అంతారు’ అయి మకారమే మాయమైపోతుంది. తర్వాతి హల్లుకు తగ్గట్టుగా మారని అనునాసికం ఉందంటే దాన్ని అక్షరంతోనే చూపాలి. సున్నకు మారకుండా ఉండటం చేతకాదు.

పరభాషల మాటల్లో సమస్య ఎక్కువగా సకారం, షకారం, వకారం, ఫకారాల దగ్గర వస్తుంది. కంపెనీ, బ్యాంకు, ఇంజను, సెంటు, కాంట్రాక్టు మాటల్లో తర్వాత వర్గాక్షరం ఉంది, సున్నతో పని జరిగిపోతుంది. ‘లైసెన్సు’ అలా కాదు. తెలుగువాడు సకారం ముందు సున్నను హంసలోలా మకారంగా చదువుతాడు. ‘లైసెంసు’ అని రాస్తే ‘లైసెమ్సు’ అని పలుకుతారు. అందుకే సైన్సు, ఇన్సూరెన్సు, టెన్షను, కాన్ఫరెన్సు మాటల్లో నకారమే రాయాలి. కాన్వెంటులో మన్వంతరం లాంటి సదుపాయమే జరిగింది: వకారం ముందు నకారం, టకారం ముందు సున్న. ఒకే ఇంగ్లీషు మాట తెలుగులోకి రెండు దారుల్లో వస్తే రాత కూడా రెండు దారులు పడుతుందని పెన్షను చూపిస్తుంది. షకారంతో వచ్చినప్పుడు ‘పెన్షను’, అక్షరం. జనం నోట నలిగి ఛకారంతో వచ్చినప్పుడు ‘పింఛను’, సున్న. ఛకారం చవర్గంలోది కాబట్టి సున్నకు అక్కడ ఇల్లు దొరికింది.

ఫోన్, టీమ్ లాంటి మాటలకు విభక్తి చేరినప్పుడు ‘ఫోన్‌కు’, ‘టీమ్‌తో’ అని పొల్లును నిలిపి రాయడం మంచిది. ‘ఫోంకు’ అని రాస్తే మాటే గుర్తుపట్టలేం. కానీ తెలుగు మకారాంత నామాల పద్ధతి ఇది కాదు. పుస్తకంతో, దేశంలో, ఆనందంగా మాటల్లో సున్న అలాగే ఉంటుంది, తర్వాతి హల్లు ఏ వర్గానిదైనా మకారంగానే చదువుతారు. ‘సంతోషంగా’లో రెండో సున్న పలుకు మొదటిదానిలా ఎందుకు లేదో ఇక్కడ తేలుతుంది. మొదటిది మాట లోపల ఉంది, రెండోది మాట చివర ఉన్న ‘ము’కు బదులు నిలబడింది. సంతోషముగా అనేదే పాత రూపం.

పద్యాల్లో మరో చోటు ఉంది. ద్రుతాంతమైన మాట తర్వాత క, చ, ట, త, ప లతో మొదలయ్యే మాట వస్తే అవి గ, జ, డ, ద, బ లు అవుతాయి, ముందున్న నకారం మూడు వేషాలు వేస్తుంది. కనెన్ + తల్లి అన్నది కనెందల్లి కావచ్చు, కనెన్దల్లి కావచ్చు, అరసున్నతో కనెఁదల్లి కావచ్చు. సున్ననూ పొల్లునూ కవి ఇష్టానికి వదిలేసిన సందర్భం తెలుగులో ఇదే. నిండుసున్న ఉన్నా నకారానికి వత్తు ఉన్నా ముందక్షరం గురువే. అరసున్నతో మాత్రం అది లఘువుగా మిగులుతుంది. గణానికి ఏది కావాలో దాన్ని బట్టి కవి ఎంచుకుంటాడు.

సందేహం వచ్చిన మాట ఎదురైతే చూడాల్సిన వరస కష్టమైనదేమీ కాదు. ఉదాహరణకు ‘సాంవత్సరికం’. తర్వాతి అక్షరం వ, వర్గాక్షరం కాదు, న, మ లు కాదు. అయితే అతుకు చూడాలి. ఇది సంవత్సరం నుంచి వచ్చింది, అందులో ‘సమ్’ విడి ముక్క. కాబట్టి సున్న. ‘తన్వంగి’ని తీసుకుంటే వకారం ముందు నకారపు పలుకు చెవికే తెలుస్తుంది, తను అనే మాటా కనిపిస్తుంది. కాబట్టి నకారం, ఆ వెనక గకారం ముందు సున్న.

ఈ మధ్య తప్పులు పెరగడానికి రోమన్ అక్షరాల్లో తెలుగు టైపు చేయడం ఒక కారణం. samyukta, samyak రెంటిలోనూ ఉన్నది ఒకే m. చాలా లిపిమార్పిడి పద్ధతుల్లో సున్న కోసం పెద్ద M కొట్టాలి. చిన్న m కొడితే ‘సమ్యుక్త’ వస్తుంది. కంప్యూటరుకు సున్న U+0C02 అనే విడి సంకేతం, మకారపు పొల్లు U+0C2E, U+0C4D అనే రెండు సంకేతాల జంట. రెండూ ఒకే పలుకని దానికి తెలియదు. ‘సమ్వాదం’ అని టైపు చేసి మామూలుగా వెతికితే ‘సంవాదం’ ఉన్న పేజీ దొరకదు.